ముందు పళ్ళకి వెనీరా, బాండింగా? ముందు ఎనామిల్ సంగతి చూడండి

మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్ళకీ, కనిగిరి, పొదిలి, దర్శి వైపు వాళ్ళకీ పళ్ళ మీద గార అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి వైద్య నివేదికల్లో ఒకటి 1937లో వెలువడింది. అది పొదిలి, దర్శి ప్రాంతాల గురించే. అప్పట్లో అవి నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఇప్పుడు చాలా ఊళ్ళకి శుద్ధి చేసిన నదీజలాలు వస్తున్నాయి. కానీ చిన్నప్పుడు బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద పడిన మచ్చలు అలాగే ఉండిపోయాయి. ముందు పళ్ళ ఎనామిల్ తయారయ్యేది పుట్టిన కొద్ది నెలల నుంచి నాలుగైదేళ్ళ వయసు వరకే. ఆ రోజుల్లో ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్ చేసిన పనిని తర్వాత తాగే మంచినీళ్ళు సరిచేయలేవు.

వాళ్ళలో చాలామంది ఇప్పుడు ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నారు. ఉద్యోగం వచ్చింది, పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, ఫొటో తీస్తే నోరు మూసుకునే అలవాటు మాత్రం పోలేదు. పంటి డాక్టరు దగ్గరికి వెళితే రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి వెనీర్, రెండోది బాండింగ్. మచ్చలతో పాటు ముందు పన్ను అంచు కూడా ఎప్పుడో విరిగి ఉంటే ఈ రెండింటి గురించి మరింత గట్టిగా చెబుతారు. ఏది ఎక్కువ కాలం ఉంటుంది, ఏది ఎక్కువ తెల్లగా ఉంటుంది, ఎంతవుతుంది అని అడుగుతాం. వీటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ పని పూర్తయ్యాక నా పంటి మీద నా సొంత ఎనామిల్ ఎంత మిగులుతుంది?

ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం. బరువు లెక్కన అందులో సుమారు 96 శాతం ఖనిజమే. అయితే దాన్ని తయారుచేసిన కణాలు పన్ను చిగురులోంచి బయటికి వచ్చేనాటికే అంతరించిపోతాయి. చర్మం కోసుకుపోతే కొత్త చర్మం వస్తుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. అరిగిన ఎనామిల్ మాత్రం తిరిగి రాదు. ఉన్నదీ పెద్ద మందం కాదు. పై దవడలో నడిమి ముందు పన్ను తీసుకుంటే, కొరికే అంచు దగ్గర దాదాపు ఒక మిల్లీమీటరు, మధ్యలో అంతకంటే కొంచెం తక్కువ, చిగురు దగ్గరికి వచ్చేసరికి 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది. దాని కింద డెంటిన్ ఉంటుంది. అది మెత్తన, పసుపు రంగు, అందులో నరం వైపు వెళ్ళే సన్నని గొట్టాలుంటాయి. ఐసు నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనేది చాలావరకు డెంటిన్ బయటపడినప్పుడే.

బాండింగ్‌కీ వెనీర్‌కీ ఆధారం ఒకటే, ఆ ఎనామిలే. 1955లో అమెరికాలోని రాచెస్టర్‌లో మైకేల్ బునోకోర్ అనే దంత పరిశోధకుడు ఎనామిల్ మీద ఫాస్ఫారిక్ యాసిడ్ రాసి చూశాడు. యాసిడ్ ఎనామిల్‌ని పైపైన కరిగించి, కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలు చేసింది. ఆ రంధ్రాల్లోకి ద్రవరూపంలో ఉన్న రెసిన్ దిగి గట్టిపడితే ఇక ఊడిరాదు. ఈ రోజు పంటి మీద అతికించేవాటిలో చాలావరకు ఈ పద్ధతి మీదే ఆధారపడ్డాయి. డెంటిన్‌కి కూడా అతికించవచ్చు, దానికి మందులున్నాయి. కానీ డెంటిన్‌లో నీరూ, కొల్లాజెన్ అనే ప్రొటీనూ ఉంటాయి కాబట్టి ఆ అతుకు ఏళ్ళు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. ఎనామిల్‌కి వేసిన అతుకు అంత తేలిగ్గా బలహీనపడదు. వెనీర్ పదేళ్ళుంటుందా, ఇరవయ్యేళ్ళుంటుందా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

ముందు బాండింగ్ ఎలా చేస్తారో చూద్దాం. ఇందులో వాడేది కాంపోజిట్ రెసిన్. పళ్ళ రంగులో సిమెంటు వేశారని మన వాళ్ళు చెప్పేది చాలాసార్లు దీన్నే. డాక్టరు చేయాల్సిన మొదటి పని రంగు ఎంచుకోవడం, అదీ పన్ను ఇంకా తడిగా ఉండగానే. నోరు తెరిచి కాసేపు ఉంచితే పన్ను ఆరిపోయి అసలు రంగు కంటే తెల్లగా కనిపిస్తుంది. అప్పుడు రంగు చూసి కాంపోజిట్ పెడితే, మర్నాటికి పన్ను తడిసి మామూలు రంగుకి వచ్చాక అతుకు వేరుగా కనిపిస్తుంది. రంగు కుదరలేదన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం ఇదే. తర్వాత విరిగిన అంచును ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఏటవాలుగా, పలచగా సాపు చేస్తారు. 35-37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్‌ను పదిహేను నుంచి ముప్ఫై సెకన్లు ఉంచి కడిగేస్తారు. ఆరబెట్టినప్పుడు ఆ చోటు మెరుపు పోయి సుద్ద తెలుపుకి మారాలి. మారితే యాసిడ్ పనిచేసినట్టు. తర్వాత బాండింగ్ ద్రవం పూసి, దాని మీద కాంపోజిట్‌ను రెండు మిల్లీమీటర్లకు మించని పొరలుగా పెడుతూ, ఒక్కో పొరకీ నీలం కాంతి చూపించి గట్టిపరుస్తారు. చివర్లో బిళ్ళలతో, పేస్టుతో పాలిష్ చేస్తారు. ఒక పన్నుకి అరగంట నుంచి గంట పడుతుంది. చాలాసార్లు మత్తు ఇంజెక్షన్ అక్కర్లేదు. పోయిన ఎనామిల్ ఆ ఏటవాలు అంచు మేరకే, ఒక్కోసారి అంత కూడా పోదు.

ఫ్లోరోసిస్ పన్ను దగ్గర ఒక తేడా ఉంది. ఆ పంటికి పైపొరలో ఖనిజం గట్టిగా ఉండి, దాని కింది పొర గుల్లగా ఉంటుంది. పైపొర యాసిడ్‌కి తొందరగా లొంగదు. మామూలు పంటికిచ్చినంత సమయమే ఇస్తే సుద్ద తెలుపు సరిగా రాదు, వేసిన కాంపోజిట్ కొద్ది నెలలకే పెచ్చుగా లేచిపోతుంది. ఈ సంగతి తెలిసిన డాక్టరు పైపొరను కాస్త గరుకు చేసి, యాసిడ్‌ను ఎక్కువసేపు ఉంచుతాడు. గారపళ్ళకి బాండింగ్ నిలవదనే మాట ఊళ్ళల్లో ఉంది. గార తీవ్రంగా ఉండి ఎనామిల్ గుంటలు పడితే ఆ మాటలో నిజముంది. మచ్చలు మాత్రమే ఉన్నప్పుడు మాత్రం తేడా వచ్చేది పనితనం దగ్గరే.

ఇక పోర్సిలిన్ వెనీర్. పంటి ముందు భాగాన్ని మాత్రమే కప్పే పలచని సిరామిక్ రేకు ఇది. చేతి గోరంత మందం, 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. 1930ల నాటికే హాలీవుడ్‌లో చార్ల్స్ పింకస్ అనే డాక్టరు షూటింగుల కోసం నటుల పళ్ళకి ఇలాంటి రేకులు తాత్కాలికంగా తగిలించేవాడు. కెమెరా ఆగగానే తీసేయాల్సిందే, ఎందుకంటే అతికించే మందు లేదు. 1980ల మొదట్లో సైమన్‌సన్, కలామియా అనే ఇద్దరు డాక్టర్లు సిరామిక్ లోపలివైపు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో గరుకు చేస్తే రెసిన్ గట్టిగా పట్టుకుంటుందని చూపించారు. అప్పటి నుంచి వెనీర్ శాశ్వత చికిత్సగా మారింది.

వెనీర్‌కి కనీసం రెండు, మూడు సిట్టింగులు కావాలి. బాగా చేసే చోట ముందు అచ్చు తీసుకుని, దాని మీద మైనంతో కొత్త పళ్ళ ఆకారం తయారుచేస్తారు. దాన్నే మెత్తని రెసిన్‌తో మీ పళ్ళ మీద పరిచి అద్దంలో చూపిస్తారు. అప్పటికి పంటిని ఒక్క నలుసు కూడా అరగదీయలేదన్నమాట. ఆకారం మీకు నచ్చాక, ఆ రెసిన్ పొర మీదుగానే లోతు కొలిచే బర్రుతో గాట్లు పెడతారు. ఇలా చేయడంలో ఒక లాభముంది. పన్ను ఇప్పటికే కాస్త లోపలికి ఉన్నా, అరిగి ఉన్నా, కొత్త ఆకారానికి కావలసినంత చోటు అక్కడ ముందే ఉంటుంది కాబట్టి ఎనామిల్ తక్కువ పోతుంది. ఈ మెట్టు వదిలేసి నేరుగా పంటి మీదే అర మిల్లీమీటరు గాటు పెడితే అవసరం లేని చోట కూడా ఎనామిల్ పోతుంది. తర్వాత స్కాన్ గానీ అచ్చు గానీ తీసి ల్యాబ్‌కి పంపుతారు. వెనీర్లు వచ్చేదాకా తాత్కాలిక రెసిన్ పొర ఉంటుంది. చివరి సిట్టింగులో రంగు చూసి, సిరామిక్‌కి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, దాని మీద సైలేన్ అనే ద్రవం, పంటికి ఫాస్ఫారిక్ యాసిడ్ వేసి, మధ్యలో రెసిన్ సిమెంటుతో అతికిస్తారు.

ఎంత అరగదీస్తారన్నది రంగు మీద ఆధారపడుతుంది. పన్ను రంగు మామూలుగా ఉండి ఆకారం మాత్రమే మార్చాలంటే చిగురు దగ్గర 0.3, మధ్యలో 0.5 మిల్లీమీటర్లు చాలు. కొరికే అంచును కూడా కప్పాలంటే అక్కడ మరో ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు తగ్గిస్తారు. లోపల ముదురు గోధుమ మచ్చ ఉంటే పలచని సిరామిక్‌లోంచి అది నీడలాగా కనిపిస్తుంది. దాన్ని మూయాలంటే సిరామిక్ మందం పెంచాలి, అంటే 0.7 నుంచి ఒక మిల్లీమీటరు దాకా తీయాలి. ఇందాక చెప్పిన కొలతలు గుర్తు చేసుకోండి. చిగురు దగ్గర ఉన్నదే 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్లు. అక్కడ 0.7 తీస్తే ఎనామిల్ పూర్తిగా పోయి డెంటిన్ బయటపడుతుంది. మచ్చ ఎంత ముదురుగా ఉంటే వెనీర్‌కి అంత లోతు కావాలి, లోతు పెరిగేకొద్దీ అతుకు పట్టుకోవడానికి ఎనామిల్ మిగలదు. గారపళ్ళ వాళ్ళకి వెనీర్‌తో వచ్చే అసలు చిక్కు ఇది.

ఎన్నేళ్ళుంటుంది అన్న ప్రశ్నకి జవాబు కూడా ఈ చిక్కులోనే ఉంది. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ దంతవైద్య బృందం తాము వేసిన 318 వెనీర్లను ఇరవయ్యేళ్ళ దాకా గమనించి 2012లో ఫలితాలు ప్రచురించింది. పదేళ్ళకి 93.5 శాతం, ఇరవయ్యేళ్ళకి దాదాపు 83 శాతం నిలిచాయని వాళ్ళ లెక్క. చాలా మంచి ఫలితమే. కాకపోతే అది విశ్వవిద్యాలయ క్లినిక్‌లో, అనుభవజ్ఞులు చేసిన పని. రాత్రి నిద్రలో పళ్ళు నూరే అలవాటున్నవాళ్ళలో వెనీర్లు చెడిపోయే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువని కూడా ఆ అధ్యయనంలో తేలింది. ఇస్తాంబుల్‌కి చెందిన గాలిప్ గురెల్ బృందం 2013లో ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పింది. ఎనామిల్‌కి అతికించిన వెనీర్లతో పోలిస్తే డెంటిన్‌కి అతికించినవి చెడిపోయే అవకాశం సుమారు పది రెట్లు ఎక్కువ. అంటే వెనీర్ ఇరవయ్యేళ్ళుంటుందని క్లినిక్‌లో చెప్పే మాట ఎనామిల్ మిగిలిన పంటికే వర్తిస్తుంది.

కాంపోజిట్ బాండింగ్‌కి అంత ఆయుష్షు లేదు. ముందు పళ్ళ మీద అయిదారేళ్ళు బాగా ఉంటే సంతోషించాలి. కొందరికి మూడేళ్ళకే రంగు మారుతుంది, జాగ్రత్తగా ఉన్నవాళ్ళకి ఎనిమిదేళ్ళు కూడా వస్తుంది. టీ, కాఫీ, సిగరెట్, పాన్, గుట్కా అన్నీ కాంపోజిట్‌లోకి దిగుతాయి. మెరుపు తగ్గుతుంది. చెరుకు కొరికినా, మేకు నోట్లో పెట్టుకున్నా, సోడా సీసా మూత పళ్ళతో తీసినా అంచు ఎగిరిపోతుంది. ఈ లోపాలకి సరితూగే గుణం ఒకటుంది. కాంపోజిట్‌ను మరమ్మతు చేయవచ్చు. అంచు ఎగిరితే ఆ ముక్క మాత్రమే మళ్ళీ పెడతారు, రంగు మారితే పైన పాలిష్ చేస్తారు, బాగా పాడైతే తీసేసి కొత్తది వేస్తారు. పన్ను దాదాపు ఉన్నచోటే ఉంటుంది. పోర్సిలిన్ రంగు మారదు, మెరుపు పోదు. అది పగిలితే మాత్రం చిన్న పెచ్చు వరకూ కాంపోజిట్‌తో సర్దవచ్చు, పెద్ద పగులైతే మొత్తం బర్రుతో కోసి తీయాల్సిందే. సిరామిక్, సిమెంటు, ఎనామిల్ మూడూ తెల్లగానే ఉండటంతో ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలైందో కంటికి స్పష్టంగా తెలియదు. అలా తీసిన ప్రతిసారీ కాస్త ఎనామిల్ కూడా పోతుంది.

ఈ లెక్కను ఒక మనిషికి వర్తింపజేసి చూద్దాం. కనిగిరి వైపు నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ళ అమ్మాయి అనుకోండి. పైన నాలుగు ముందు పళ్ళకీ అడ్డంగా గోధుమ పట్టీలు, అక్కడక్కడ తెల్ల మచ్చలు. పంటి ఉపరితలం నున్నగానే ఉంది, గుంటలు లేవు. చిన్నప్పుడు సైకిలు మీంచి పడినప్పుడు ఎడమవైపు నడిమి పన్ను మూల రెండు మిల్లీమీటర్లు విరిగింది, నరానికి దెబ్బ తగల్లేదు. అమ్మ కూడా వచ్చింది.

“పెళ్ళివారు వచ్చేలోపు పళ్ళు తెల్లగా అయిపోవాలి డాక్టరు గారూ. ఆరు పళ్ళకి వెనీర్లు వేస్తే సరిపోతుందని ఇంకో చోట చెప్పారు.”

“వాళ్ళు ఎప్పుడొస్తున్నారమ్మా?”

“ఇంకో రెండు నెలలుంది.”

రెండు నెలలుంటే చాలు. మొదటి వారం స్కేలింగ్, ఫొటోలు, ఒక ఎక్స్‌రే. తర్వాత మైక్రోఅబ్రేషన్. హైడ్రోక్లోరిక్ యాసిడ్, గరుకు పొడి కలిసిన పేస్టును చిగుళ్ళకి తగలకుండా రబ్బరు షీటు కట్టి మెల్లగా రుద్దుతారు. పైనున్న గోధుమ రంగు చాలావరకు పోతుంది. పోయే ఎనామిల్ 0.1, 0.2 మిల్లీమీటర్లు. ఆ గోధుమ రంగు పన్ను మొలిచినప్పుడు లేదని గుర్తుంచుకోవాలి. గుల్లగా ఉన్న ఎనామిల్‌లోకి బయటి నుంచి తర్వాత దిగిన రంగు అది, అందుకే ముందు లొంగేదీ అదే. తర్వాత ఇంట్లో బ్లీచింగ్. ఆమె పళ్ళ కొలతకి చేసిన పలచని ట్రేలో పది శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసుకుని రాత్రిపూట పెట్టుకోవాలి, మూడు నాలుగు వారాలు. మొదటి రోజుల్లో తెల్ల మచ్చలు ఇంకా ఎక్కువైనట్టు కనిపిస్తాయి, చుట్టూ పన్ను తెల్లబడ్డాక తేడా తగ్గుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఇంట్లో కంగారుపడి మధ్యలో ఆపేస్తారు. పళ్ళు కాస్త జివ్వుమంటాయి. ఒక రోజు విడిచి ఒక రోజు వేసుకుంటే తగ్గుతుంది.

బ్లీచింగ్ ఆపాక రెండు వారాలు ఊరుకోవాలి. పంటిలో మిగిలిన ఆక్సిజన్ రెసిన్‌ను సరిగా గట్టిపడనివ్వదు, పైగా రంగు కూడా అప్పటికి గానీ కుదురుకోదు. ఆ తర్వాత విరిగిన మూలకి కాంపోజిట్ బాండింగ్, కొత్త రంగుకి సరిపోయేలా. ఈ వరుస ముఖ్యం. కాంపోజిట్ గానీ పోర్సిలిన్ గానీ బ్లీచింగ్‌కి రంగు మారవు. ముందు బాండింగ్ చేసి తర్వాత పళ్ళు తెల్లబరిస్తే, ఆ మూల ఒక్కటే పాత రంగులో మిగులుతుంది. మొత్తం ఏడెనిమిది వారాల్లో పని అయిపోయింది. పళ్ళు సినిమా పోస్టర్‌లో ఉన్నంత తెల్లగా రావు. దగ్గరగా చూస్తే అక్కడక్కడ లేత మచ్చ ఉంటుంది. కానీ మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ చూపు పళ్ళ దగ్గర ఆగిపోదు.

ఇదే అమ్మాయి ఇరవై మూడేళ్ళకే ఆరు వెనీర్లు వేయించుకుని ఉంటే? ఒక్కోటి పదిహేనేళ్ళు నిలిచిందనుకుందాం. ముప్ఫై ఎనిమిదికి రెండో సెట్టు, యాభై మూడుకి మూడోది, అరవై ఎనిమిదికి నాలుగోది. మొదటిసారే ఎనామిల్‌లో పెద్ద భాగం పోయింది. రెండోసారికి డెంటిన్ ఎక్కువగా బయటపడుతుంది. మూడోసారి వెనీర్ పట్టుకోదు, పన్ను చుట్టూ అరగదీసి క్యాప్ వేయాల్సి వస్తుంది. బాండింగ్ దారిలో వెళ్ళిన అమ్మాయి ఇరవై తొమ్మిదికో, ముప్ఫైకో ఆ మూలను మళ్ళీ కట్టించుకుంటుంది. నలభైలో ఇక చాలు, వెనీరే కావాలనుకుంటే అప్పుడు వేయించుకోవచ్చు. ఆ రోజుకి ఆమె ఎనామిల్ దాదాపు మొత్తం ఉంటుంది, మచ్చ రంగు తగ్గింది కాబట్టి పలచని వెనీర్ సరిపోతుంది, అదీ ఎక్కువ కాలం నిలుస్తుంది. బాండింగ్ తర్వాత వెనీర్‌కి వెళ్ళే దారి ఉంది. వెనీర్ నుంచి మళ్ళీ సొంత పంటికి వచ్చే దారి లేదు.

అందరికీ ఇదే సరిపోతుందని నేను అనను. ఎనామిల్ గుంటలుపడి, పెచ్చులు ఊడిపోతున్న తీవ్రమైన ఫ్లోరోసిస్‌లో బ్లీచింగ్ ఫలితమివ్వదు, చిన్న చిన్న బాండింగులు నిలవవు. అక్కడ పంటిని పూర్తిగా కప్పే చికిత్సే సరైనది. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ మందులు వాడినందువల్ల వచ్చిన బూడిదరంగు పట్టీలు డెంటిన్‌లోనే ఉంటాయి. వాటికి నెలల తరబడి బ్లీచింగ్ కావాలి, అప్పటికీ పోకపోతే వెనీర్ వైపు వెళ్ళడం తప్పు కాదు. ఒక్క పన్నే నల్లబడితే అది మచ్చ కాదు, నరం చచ్చిపోయిన గుర్తు కావచ్చు. ముందు ఎక్స్‌రే తీయించాలి. రూట్ కెనాల్ అయ్యాక లోపలి నుంచే తెల్లబరిచే పద్ధతి ఉంది. పన్ను సగానికి విరిగినప్పుడు, అరుగుదల ఎక్కువగా ఉన్నప్పుడు కూడా కాంపోజిట్ కంటే పోర్సిలిన్ మేలు. నలభై దాటి, పళ్ళ స్థితి స్థిరపడి, చిగుళ్ళు ఆరోగ్యంగా ఉండి, ఖర్చు భరించగలిగినవాళ్ళకి వెనీర్ చాలా మంచి చికిత్స. దాని ఖర్చు బాండింగ్ కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ ఖర్చు మళ్ళీ పదిహేనేళ్ళకో, ఇరవయ్యేళ్ళకో వస్తుందన్న సంగతి మొదటిరోజే లెక్కలో వేసుకోవాలి.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. వెనీర్ పేరు చెప్పి క్యాప్‌లు వేయడం. “ఒక్క వారంలో కొత్త నవ్వు” అనే ప్రకటనల వెనక చాలాసార్లు ఉండేది పోర్సిలిన్ వెనీర్లు కాదు, జిర్కోనియా క్యాప్‌లు. వెనీర్‌కి పంటి ముందువైపు మాత్రమే తాకుతారు, క్యాప్‌కి నాలుగువైపులా చెక్కేస్తారు. 2002లో ఎడెల్‌హాఫ్, సొరెన్‌సన్ అనే పరిశోధకులు పంటిని తూకం వేసి చూశారు. పైకి కనిపించే పంటిలో వెనీర్‌కి 3 నుంచి 30 శాతం పోతే, పూర్తి క్యాప్‌కి 63 నుంచి 72 శాతం పోయింది. ఇరవయ్యేళ్ళ పిల్లల పళ్ళలో నరం ఉన్న గది ఇంకా పెద్దదిగా ఉంటుంది. అంత చెక్కితే నరం దెబ్బతిని రూట్ కెనాల్ దాకా వెళ్ళవచ్చు. కొన్ని చోట్ల జివ్వుమనకుండా ఉంటుందని చెప్పి, మంచి పళ్ళకే ముందుగా రూట్ కెనాల్ చేసి మరీ క్యాప్ వేస్తున్నారు. మచ్చల కోసం ఆరోగ్యంగా ఉన్న పంటి నరాన్ని చంపడాన్ని ఏ విధంగానూ సమర్థించలేం.

వేయించుకున్నాక ఎలా చెడిపోతుందో కూడా తెలిసి ఉండాలి. వెనీర్ అంచు చుట్టూ, ముఖ్యంగా చిగురు దగ్గర, సన్నని గోధుమ గీత కనిపిస్తే సిమెంటు కరిగి లోపలికి రంగు దిగుతున్నట్టు. ఫ్లాస్ దారం ఆడించినప్పుడు అంచు దగ్గర పీచుగా చీలితే అక్కడ వెనీర్ పంటికి సరిగా ఆనలేదు. ఆ చోట చిగురు ఎర్రగా ఉబ్బి, తోముకుంటే రక్తం వస్తుంది. చల్లటి నీళ్ళకి ఆ ఒక్క పన్నే జివ్వుమంటే లోపల తడి చేరుతోందనుకోవాలి. వెనీర్ ఊడి చేతికి వస్తే సూపర్ గ్లూ పెట్టి అతికించవద్దు, పారేయవద్దు. పగలకపోతే శుభ్రం చేసి మళ్ళీ అతికించే వీలుంది. కాంపోజిట్ విషయంలో అంచు గోరుకి గరుగ్గా తగలడం, చుట్టూ పసుపు గీత రావడం గుర్తులు. పొద్దున లేచేసరికి దవడ కండరాలు నొప్పిగా ఉంటే రాత్రి పళ్ళు నూరుతున్నారేమో చూపించుకోండి. అలవాటు ఉంటే రెండింట్లో ఏది వేయించుకున్నా రాత్రిపూట నైట్ గార్డ్ పెట్టుకోవాల్సిందే.

పిల్లలున్న ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి. పడిపోయినప్పుడు ముందు పన్ను ముక్క ఎగిరితే ఆ ముక్కను వెతికి, పాలల్లోనో మంచినీళ్ళల్లోనో వేసి, వీలైతే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ముక్క సరిగ్గా కూర్చుంటే ఇదే యాసిడ్, రెసిన్ పద్ధతిలో దాన్నే తిరిగి అతికిస్తారు. సొంత ఎనామిల్, సొంత రంగు, సొంత ఆకారం. దానికి సాటివచ్చే వెనీర్ గానీ కాంపోజిట్ గానీ లేదు.

మచ్చల కోసం గానీ, విరిగిన అంచు కోసం గానీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు డబ్బు గురించి మాట్లాడే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది వెనీరా, క్యాపా? నా పంటిలో ఎన్ని మిల్లీమీటర్లు తీస్తారు, చిగురు దగ్గర డెంటిన్ బయటపడుతుందా? అరగదీసే ముందు నా పళ్ళ మీద నమూనా చూపిస్తారా? బ్లీచింగ్, మైక్రోఅబ్రేషన్‌తో ఎంత వరకు వస్తుందో ముందు చూడవచ్చా? వీటికి ఓపికగా జవాబు చెప్పే డాక్టరు దగ్గర ఏది వేయించుకున్నా ఫరవాలేదు. జవాబు దాటవేసి, ఈ రోజే అడ్వాన్స్ కడితే తగ్గింపు ఇస్తామంటే ఆ కుర్చీలోంచి లేచి వచ్చేయండి.